మట్టిబొమ్మా, ప్లాస్టిక్ బొమ్మా? ముఖం ఫొటోని బొమ్మగా మార్చేముందు చూసుకోవాల్సినవి

కావలిలో మా షాపు అద్దాల కౌంటరు మీద నాలుగు మగ్గులు వరసగా పెట్టి ఉంటాయి. మొదటి రెండింటి మీద మా అన్న కొడుకు. వాడికి ఆరేళ్లు. ఒక మగ్గు మీద నిగనిగలాడే ప్లాస్టిక్ బొమ్మలా, ఇంకోదాని మీద వేళ్లతో ఒత్తి చేసిన మట్టిబొమ్మలా ఉంటాడు. మిగిలిన రెండింటి మీద మా నాన్న, అవే రెండు రూపుల్లో. వచ్చినవాళ్లని ఏది బాగుందని అడిగితే పిల్లాడికి ప్లాస్టిక్ బొమ్మనీ, నాన్నకి మట్టిబొమ్మనీ చూపిస్తారు. ఇన్నాళ్లలో దీనికి ఎదురు చెప్పినవాళ్లు చాలా తక్కువ. నాన్న ప్లాస్టిక్ బొమ్మని మొదటిసారి చూసినప్పుడు మా పిన్ని, "ఎవురబ్బయా ఈ పిల్లోడు, నాటకానికి మీసాలు పెట్టుకున్నట్టుండాడు" అంది. అప్పటికి నేను ఆ బొమ్మ మీద రెండు గంటలు కూర్చున్నాను.

ఫ్రేములూ మగ్గులూ ఫ్లెక్సులూ వేసే షాపు మాది. ఫొటోని బొమ్మలా చేయించుకునేవాళ్లు దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ యాప్ మంచిది?" అనే. నేను దాన్ని చివరికి నెట్టేస్తాను. ముందు తేలాల్సింది ఈ ముఖానికి ఏ రూపు నప్పుతుంది అన్నది. తర్వాత ఏ దారిలో చెయ్యాలన్నది. యాప్ పేరు ఆ తర్వాతి సంగతి.

రెండు రూపులకీ తేడా ఎక్కడుంది

ప్లాస్టిక్ బొమ్మ రూపు ముఖంలోంచి తీసేస్తుంది. మట్టి రూపు ముఖంలో ఉన్నదాన్ని లోతు చేస్తుంది. తక్కినదంతా ఇందులోంచి వచ్చేదే.

ప్లాస్టిక్ బొమ్మని చూడండి. తల పెద్దది, ఒళ్లు చిన్నది, కళ్లు పెద్దవి, ముక్కు ఒక చిన్న బుడిపె. చర్మం మీద గీత ఉండదు. నుదుటి మీదో బుగ్గ మీదో తెల్లటి వెలుగు చుక్క పడుతుంది. ఆ మెరుపే మన కంటికి "ఇది ప్లాస్టిక్" అని చెప్పేది. మట్టిబొమ్మ మీద అలాంటి చుక్క పడదు, వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. వేలిముద్రలు, చిన్న నొక్కులు, పుల్లతో గీసిన మీసం చారలు కనిపిస్తాయి. ఎడమ కన్ను కుడి కన్నుకంటే కాస్త కిందకున్నా మట్టిలో అది చేతిపనిలా ఉంటుంది. అదే ప్లాస్టిక్‌లో అయితే అచ్చు పాడైనట్టుంటుంది.

ఇప్పుడు దీన్ని ముఖాలకి పెట్టి చూడండి. అరవై ఏళ్ల మనిషిని మనం గుర్తుపట్టేది నుదుటి గీతలతో, కళ్ల కింద సంచులతో, ముక్కు పక్కనుంచి మూతి దాకా దిగే మడతలతో. ప్లాస్టిక్ ఇవన్నీ తుడిచేస్తుంది కాబట్టే మా నాన్న మీసాలు పెట్టుకున్న పిల్లాడయ్యాడు. మట్టిలో ఆ మడతలే పుల్లతో గీసిన గాడులవుతాయి. చంటిపిల్లల సంగతి దీనికి తిరగబడుతుంది. వాళ్ల బుగ్గ మీద మలచడానికి ఏమీ లేదు. అక్కడ మట్టి నొక్కులు పడితే అమ్మవారు పోసిన మచ్చల్లా కనిపిస్తాయి. ఒక తల్లి సరిగ్గా ఆ మాటే అని బొమ్మని వెనక్కి ఇచ్చేసింది. తప్పు ఆమెది కాదు.

మధ్య వయసు వాళ్ల దగ్గరే అసలు ఆలోచించాల్సి వస్తుంది. నేను పాటించే లెక్క ఇది. కొండపల్లి బొమ్మని గుర్తు తెచ్చుకోండి. తెల్ల పొణికి కర్ర మీద నాలుగు కుంచె గీతలతో ముఖం అయిపోతుంది. అయినా తలపాగా, మీసం, నెత్తిన కుండ చూసి ఎవరు ఎవరో చెప్పేస్తాం. ప్లాస్టిక్ బొమ్మ రూపు కూడా అంతే, పెద్ద గుర్తుల మీద నడుస్తుంది. బట్టతల, గుబురు మీసం, గుండ్రటి కళ్లద్దాలు, ఉంగరాల జుట్టు, పెద్ద బొట్టు లాంటివి రెండైనా ఉంటే ఏ వయసు మనిషికైనా ప్లాస్టిక్ బొమ్మ పనికొస్తుంది. అవేమీ లేక, నవ్వితే ఒక పక్కకి లాగే పెదవిలోనో, కళ్ల చివరి వాలులోనో మనిషి ఉన్నాడనుకుంటే మట్టి వైపు వెళ్లండి.

మూడోది కార్టూన్ సినిమాల్లో కనిపించే నున్నటి త్రీడీ రూపు. అది ఎవరికైనా బాగానే వస్తుంది. ఇబ్బంది కూడా అదే. ఒక ఇంట్లో ఐదుగురికి చేస్తే ఐదుగురూ ఒక తల్లి పిల్లల్లా వస్తారు, అల్లుడితో సహా. వాట్సాప్ డీపీకి చాలు. ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకునేదానికి నేను చెప్పను.

ఏ దారిలో చెయ్యాలి

ఫోన్‌లో ఒక్క నొక్కుతో చేసే యాప్‌ల గురించి రెండు మాటలు చాలు. వాటిలో చాలావరకు ముందే కట్టిన అచ్చులు. మీ ఫొటో వెళ్లి ఆ అచ్చులో పడుతుంది. నచ్చకపోతే తిప్పడానికి మర ఉండదు. ఒకదాంట్లో ఉచితం అనుకుని నొక్కితే వారం వారం డబ్బులు కోసుకునే పథకంలో చేరిపోయాను. రద్దు చేసేదాకా రెండు వారాలు పోయాయి. సరదాకి వాడండి గానీ డబ్బులు తీసుకునే పనికి వద్దు.

తక్కినవి రెండు దారులు. పోల్చి చూడాల్సింది వీటినే.

మొదటిది, మాటల్లో చెబితే ఫొటోని మార్చే పెద్ద ఏఐ సేవలు. 2025 మార్చిలో చాట్‌జీపీటీలో బొమ్మలు గీసే కొత్త పద్ధతి వచ్చింది. ఏప్రిల్‌లో జనమంతా తమని అట్టపెట్టెలో ప్యాక్ చేసిన బొమ్మలుగా మార్చుకున్నారు. ఆగస్టులో గూగుల్ జెమినిలో నానో బనానా అని పిలిచే మోడల్ వచ్చాక, కంప్యూటర్ బల్ల మీద నిలబెట్టిన చిన్న బొమ్మల వెర్రి మన ఊళ్ల దాకా పాకింది. వినాయక చవితి తర్వాత ఒక నెలపాటు మా షాపుకి వచ్చిన ప్రతి రెండో కుర్రాడి ఫోన్‌లో అదే బొమ్మ.

ఈ దారి బలం అంతా ముఖం కాని చోట్ల ఉంది. నిలువెత్తు బొమ్మ, కింద పీట, వెనకాల అట్టపెట్టె, చేతిలో క్రికెట్ బ్యాటు, లుంగీ పైకి మడిచి కట్టుకున్న తీరు ఇవన్నీ చెప్పినట్టు వస్తాయి. బలహీనత ముఖంలో. బొమ్మ మొత్తాన్ని కొత్తగా గీస్తుంది కాబట్టి ముఖం కూడా ప్రతిసారీ కొత్తగా గీసిందే. చొక్కా రంగు మార్చమంటే రంగుతోపాటు ముక్కు కూడా ఇసుమంత కదులుతుంది. ఇలా నాలుగైదు మార్పులు వరసగా చెప్పుకుంటూ పోతే చివరికి మిగిలేది దూరపు చుట్టం. దీనికి మందు ఒకటే. వచ్చిన బొమ్మ మీద మార్పులు పేర్చకండి. ప్రతిసారీ అసలు ఫొటో దగ్గరికి వెనక్కి వెళ్లి, కావలసినవన్నీ ఒకే ఆదేశంలో రాసి మళ్లీ చేయించండి. పెట్టె మీద పేరు తెలుగులో కావాలంటే దాన్ని అక్కడ రాయించకండి. ఒత్తులు తలకిందులు కావచ్చు, గుణింతాలు ఊడిపోవచ్చు. ఖాళీ పెట్టె చేయించుకుని, పేరు తర్వాత ఫొటోషాప్‌లో టైపు చెయ్యండి.

రెండోది ముఖాన్ని పట్టుకుని కూర్చునే దారి. ఇది స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్ఎల్ అనే మోడల్ మీద నడుస్తుంది. దానికి ఇన్‌స్టంట్ఐడీ అనే తగులుబాటు ఒకటి ఉంది. 2024 జనవరిలో వచ్చింది. ఒక్క ఫొటో చాలు, శిక్షణ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇది ముఖాన్ని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, ఈ ముఖం మిగతా ముఖాలకి ఎలా వేరో చెప్పే అంకెల వరస. రెండోది, ముఖం మీద ఐదంటే ఐదు చుక్కలు: రెండు కళ్లు, ముక్కు కొస, మూతి రెండు చివరలు. దీని పైన మట్టి రూపుకో, బొమ్మ రూపుకో ప్రత్యేకంగా నేర్పిన లోరా అనే చిన్న ఫైలు తగిలిస్తారు. మనిషి ఎవరన్నది ఇన్‌స్టంట్ఐడీ చూసుకుంటుంది. దేంతో చేసినట్టుండాలన్నది లోరా చూసుకుంటుంది.

ఆ ఐదు చుక్కల సంగతి మనసులో పెట్టుకుంటే ఇది ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పేయవచ్చు. చెవులకి చుక్క లేదు. నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవుతుందో దానికి చుక్క లేదు. గడ్డానికి లేదు. అందుకే కళ్లూ మూతీ అచ్చం మనిషిలా ఉండి, పల్చబడిన జుట్టు మాత్రం పాతికేళ్ల కుర్రాడిలా ఒత్తుగా వచ్చేస్తుంది. దీన్ని సరిచెయ్యడానికే డెప్త్ అనే ఇంకో పట్టు పెడతారు. ఫొటోలో ఏది ముందుకుంది, ఏది వెనక్కుంది అని బూడిద రంగులో ఒక పటం తయారు చేసి, తల ఆకారం దాన్ని దాటకుండా చూస్తుంది.

సొంత కంప్యూటర్లో ఇదంతా కంఫీయూఐ అనే ప్రోగ్రాంలో నడపొచ్చు. గ్రాఫిక్స్ కార్డు మెమరీ 8 జీబీ అయితే ఇరుకు, 16 ఉంటే హాయి. కార్డు లేకపోతే వెబ్‌లో అద్దెకి నడిపించే చోట్లున్నాయి. రెప్లికేట్ సైట్‌లో `face-to-many` అనే పేరుతో ఇదే ఏర్పాటు సిద్ధంగా దొరుకుతుంది. దాంట్లో `Clay`, `Toy`, `3D` అని ఎంచుకునే పట్టీ కూడా ఉంది.

షాపువాళ్లకి ఒక హెచ్చరిక. ఇన్‌స్టంట్ఐడీ ముఖాన్ని చదవడానికి వాడే ఇన్‌సైట్‌ఫేస్ మోడళ్లు వ్యాపారేతర పరిశోధనకి మాత్రమేనని వాటి లైసెన్సులో ఉంది. ఇంట్లో మీ అమ్మ బొమ్మ చేసుకోవడం వేరు, బోర్డు కట్టి డబ్బులు తీసుకోవడం వేరు. ఈ సంగతి తెలిశాక నేను అమ్మే పనులకి మొదటి దారినే వాడుతున్నాను. రెండోది ఇంటి పనులకీ, ఇదిగో ఇలా నేర్చుకోవడానికీ.

కాబట్టి ఎంపిక ఇలా పడుతుంది. నిలువెత్తు బొమ్మ, పెట్టె, పీట, గుంపు ఫొటో అయితే మొదటి దారి. భుజాల దాకా ఉండే ఒక్క ముఖం, అదీ ఇంట్లో వాళ్లు గోడ మీద రోజూ చూసుకునేదైతే రెండో దారి.

పెదనాన్న షష్టిపూర్తి బొమ్మ

ఒక పని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. కందుకూరులో మా పెదనాన్న షష్టిపూర్తి. వాళ్లమ్మాయి, అంటే మా అక్క, హాల్లో పెట్టడానికి మట్టిబొమ్మ రూపులో పెద్ద ఫ్రేము కావాలంది. ఇంటి పని కాబట్టి రెండో దారిలోనే దిగాను.

అక్క ముందు పంపింది పాస్‌పోర్టు ఫొటో. స్టూడియోలో ఫ్లాష్ ఎదురుగా కొట్టి తీసింది. పేరుకి అన్నీ కనిపిస్తాయి గానీ నీడ ఎక్కడా లేదు. నీడ లేకపోతే మట్టి రూపుకి ఏది ఎత్తో ఏది పల్లమో తెలీదు. డెప్త్ పటం తీసి చూస్తే ముఖమంతా ఒకే బూడిద రంగులో అప్పడంలా ఉంది, ముక్కు మాత్రం కాస్త తేలింది. ఆ ఫొటోతో వచ్చిన బొమ్మ అచ్చం అప్పడానికి కళ్లు పెట్టినట్టే ఉంది.

"అక్కా, రేపు పొద్దున ఏడింటికి పెదనాన్నని వసారాలో కూర్చోబెట్టి తియ్యి. ఎండ పక్కనుంచి పడాలి. నవ్వినా పళ్లు కనపడొద్దు" అన్నాను.

"ఆయన నవ్వితే కదరా సమస్య" అంది అక్క.

పళ్ల సంగతి ఎందుకంటే, మట్టి రూపులో పళ్లు బియ్యపుగింజలు గుచ్చినట్టు వస్తాయి. మూతి మూసిన చిరునవ్వు అన్నిటికన్నా క్షేమం. పక్కనుంచి వెలుగు పడితే ముక్కు నీడ ఒక బుగ్గ మీద పడి, నుదుటి గీతలు తేలతాయి. ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బుతుంది, అందుకే రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తియ్యమన్నాను. బ్యూటీ మోడ్ ఆపమన్నాను. అది ఫోన్ లోపలే మడతలన్నీ తుడిచేస్తుంది, తర్వాత మనం ఏం చేసినా అవి తిరిగి రావు.

కొత్త ఫొటో బాగా వచ్చింది. చదరంగా కోసి, వెడల్పూ పొడవూ 1024 పిక్సెళ్లకి తెచ్చాను. ఎక్స్ఎల్ మోడల్ నేర్చుకున్న కొలత అదే. ఆదేశం ఇంగ్లీషులో ఇలా రాశాను:

```
clay figure of a 60 year old South Indian man,
dark brown skin, thick grey moustache,
receding grey hair, black rectangular glasses,
vibhuti lines on forehead, white cotton shirt
```

`face-to-many`లో ముఖ్యంగా మూడు మరలు ఉంటాయి. `denoising_strength` అంటే అసలు ఫొటోని ఎంత చెరిపి కొత్తగా గియ్యాలో చెప్పేది. `instant_id_strength` అంటే మనిషి పోలికని ఎంత గట్టిగా పట్టుకోవాలో. `control_depth_strength` తల ఆకారానికి. నేను 0.65, 1, 0.8తో మొదలుపెడతాను.

మొదటి బొమ్మలో పెదనాన్న కళ్లూ ముక్కూ ఉన్నాయి. మీసం మాత్రం పుల్లతో చివరలు మెలితిప్పిన విదేశీ మీసమైంది. మీసం వెనక్కి రావాలని మొదటి మరని 0.45కి దించాను. మీసం వచ్చింది, దాంతోపాటు గోల కూడా వచ్చింది. చర్మ రంధ్రాలు, గడ్డం గరుకు అన్నీ ఫొటోలో ఉన్నట్టే ఉండి, జుట్టు మాత్రం మట్టిదైంది. సగం మనిషి, సగం బొమ్మ. ఉడికీ ఉడకని అన్నంలా ఉంది. అక్క చూసి భయపడింది. తిరగేసి 0.85కి పెడితే ఎంత చక్కటి మట్టిబొమ్మో వచ్చింది, కానీ అది ఎవరో వేరే ముసలాయన.

కొత్తవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఒకే మరని అటూ ఇటూ తిప్పుతూ గంటలు పోగొడతారు. చర్మం ఫొటోలా మిగిలిపోతే దానికి కారణం రెండు ఉండొచ్చు: చెరపడం చాలకపోవడం, లేదా పోలిక పట్టు మరీ బిగువుగా ఉండటం. పట్టు బిగిసినప్పుడు రంగులు కూడా మాడినట్టు ముదురుతాయి, అదే గుర్తు. నేను మొదటి మరని మళ్లీ 0.65కి తెచ్చి, పోలిక పట్టుని 1 నుంచి 0.8కి దించాను. మీసాన్ని మరలకి వదిలెయ్యకుండా మాటల్లో సరిచేశాను. `thick grey moustache` తీసేసి `straight bushy grey moustache covering upper lip` అని రాశాను. డెప్త్ 0.8 దగ్గరే ఉంచాను, బట్టతల అంచు దాని వల్లే నిలబడింది. `seed` అనే విత్తనం అంకె ఒకటుంటుంది, అది మారిస్తే అవే కొలతలతో ఇంకో బొమ్మ వస్తుంది. దాన్ని మార్చుకుంటూ ఎనిమిది బొమ్మలు తీశాను. మూడు పనికొచ్చాయి, ఒకటి నచ్చింది.

ఇదే పని ప్లాస్టిక్ బొమ్మ రూపులో చెయ్యాలంటే డెప్త్ దగ్గర లెక్క మారుతుంది. పెద్ద తల, చిన్న ఒళ్లు రావాలి కదా. డెప్త్ 0.8 దగ్గర ఉంటే అసలు మనిషి కొలతల్ని దాటనివ్వదు, నిజం మనిషికి మెరుగు నూనె పూసినట్టు వస్తుంది. నేను 0.4 దాకా దించుతాను. తల ఆకారం వదులవుతుంది కాబట్టి జుట్టునీ కళ్లద్దాలనీ ఆదేశంలో గట్టిగా రాసుకోవాలి.

నచ్చిన బొమ్మని అక్కకి అలాగే పంపలేదు. పెద్ద బొమ్మగా చూస్తే అందరికీ పోలిక ఉన్నట్టే అనిపిస్తుంది, మన కళ్లు అలవాటు పడిపోతాయి. దాన్ని బొటనవేలి గోరంత చేసి, ఏమీ చెప్పకుండా పెదనాన్న మనవరాలికి వాట్సాప్‌లో పెట్టమన్నాను. "తాతయ్య" అని జవాబు వచ్చాకే పెద్ద ప్రింటు సంగతి మాట్లాడాం. చిన్న సైజులో గుర్తుపట్టకపోతే పెద్ద సైజులో కూడా గుర్తుపట్టరు, మర్యాదకి బాగుందంటారు అంతే.

మన ముఖాల దగ్గర ప్రత్యేకంగా పోయేవి

అన్నిటికన్నా ముందు పోయేది రంగు. మీరు ఏమీ చెప్పకపోతే రెండు దారుల్లోనూ చామనఛాయ మనిషి గోధుమ రంగుకో, గులాబీ రంగుకో జారిపోతాడు. మట్టి రూపులో ఇది ఇంకా ఎక్కువ, బహుశా మోడల్ లేత రంగు క్లే బొమ్మలే ఎక్కువగా చూసి నేర్చుకుని ఉంటుంది. రంగుని ఆదేశంలో రాయండి. వచ్చాక అసలు ఫొటోలో బుగ్గ మీద నీడ లేని చోటా, బొమ్మలో అదే చోటా రంగు పక్కపక్కన పెట్టి చూడండి. కళ్లతో అంచనా వెయ్యొద్దు, ఫొటోషాప్‌లో రంగుని పట్టి చూపించే ఐడ్రాపర్‌తో తీసుకుని చూడండి. కొందరు తెల్లగా వస్తే సంతోషిస్తారు, అది వాళ్లిష్టం. కానీ అడక్కుండా తెల్లగా చేసి ఇవ్వడం నాకు నచ్చదు.

తర్వాత బొట్టు. చిన్న స్టిక్కర్ బొట్టు పుట్టుమచ్చలా మారుతుంది, లేదా మాయమవుతుంది. ముక్కుపుడక మట్టిలో మొటిమలా వస్తుంది. కళ్లద్దాల కాడలు చెవిలో కలిసిపోతాయి. వీటికోసం మరలు తిప్పుతూ కూర్చోకండి. ముఖం బాగా వచ్చిన బొమ్మని ఎంచుకుని, బొట్టు తర్వాత చేత్తో పెట్టండి. చిన్న ఎర్ర గుండ్రం, దాని కింద సన్నటి నీడ, అంతే. విభూతి రేఖలు కూడా ఇలాగే పెట్టాను, ఎందుకంటే ఎనిమిది బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ మూడు గీతలు సరిగ్గా రాలేదు. ఒకసారి రెండు, ఒకసారి ఐదు.

మల్లెపూల దండ మాత్రం మట్టిలో ముద్దొస్తుంది. తెల్లటి చిన్న ఉండలు జడ మీద గుచ్చినట్టు వస్తాయి. పట్టుచీర దానికి పూర్తిగా ఎదురు. జరీ మెరుపు మట్టి రూపుతో పొసగదు, అంచు మీద గోధుమ రంగు బురద పూసినట్టుంటుంది. పెళ్లి ఫొటో, పట్టుచీర, నగలు అయితే ముఖం ఏదైనా సరే ప్లాస్టిక్ బొమ్మ రూపు వైపే వెళ్లండి. అక్కడ మెరుపుకి చోటుంది.

ప్రింటు

1024 పిక్సెళ్ల బొమ్మ అంగుళానికి 300 చుక్కల లెక్కన మూడున్నర అంగుళాలకి లోపే. మగ్గుకి సరిపోతుంది. అక్క అడిగిన ఫ్రేము పన్నెండు అంగుళాల చదరం. గోడ ఫ్రేము కాబట్టి 200 చుక్కలు చాలనుకున్నా 2400 పిక్సెళ్లు కావాలి. అంటే పెంచక తప్పదు.

పెంచే సాధనాల్లో చాలావరకు ఫొటోని శుభ్రం చెయ్యడం కూడా తమ పనే అనుకుంటాయి. వేలిముద్రల్ని చూసి మచ్చలనుకుని తుడిచేస్తాయి. మొదటి ప్రింటులో పెదనాన్న మట్టిబొమ్మ కాస్తా సబ్బుబొమ్మ అయ్యాడు. స్క్రీన్ మీద చిన్నగా చూసినప్పుడు నాకు తేడా తెలియలేదు. బుగ్గ దగ్గర వంద శాతం జూమ్ పెట్టి, పెంచకముందూ పెంచాకా చూడాలి. గాడులు పోతే, పెంచిన బొమ్మని మళ్లీ అదే మోడల్‌లో చాలా తక్కువ చెరుపుతో, 0.25 దగ్గర, ఒకసారి నడిపితే మట్టి గరుకు తిరిగి వస్తుంది. ముఖం పెద్దగా కదలదు.

కాగితం విషయంలో ఒకటే మాట. మట్టి రూపు మ్యాట్ కాగితం మీద, ప్లాస్టిక్ బొమ్మ గ్లాసీ మీద. మట్టిబొమ్మని గ్లాసీ మీద వేస్తే హాల్లో ట్యూబులైటు దాని మీద మెరిసి, మట్టి అన్న భ్రమ అక్కడే పోతుంది.

చేతిలో పట్టుకునే బొమ్మే కావాలంటే

అప్పుడప్పుడూ ఒకరు స్క్రీన్ మీది బొమ్మని చూసి, దీన్ని త్రీడీ ప్రింటు తీసివ్వమంటారు. స్క్రీన్ మీద ఉన్నది చదును బొమ్మే, దానికి వీపు లేదు. ఒక్క బొమ్మ నుంచి త్రీడీ ఆకారం కట్టే మెషీ, హున్యువాన్ లాంటివి ఉన్నాయి. అవి వెనక భాగాన్ని ఊహించి కడతాయి. జడ ఉన్నావిడకి జడ లేకుండా రావచ్చు. ఇక్కడ మాత్రం ఎంపిక తిరగబడుతుంది, పెద్దవాళ్లకైనా ప్లాస్టిక్ బొమ్మ రూపే నయం. పెద్ద తల, మందపాటి భాగాలు, తక్కువ వివరాలు ఉంటే ఆకారం శుభ్రంగా కడుతుంది. మట్టి రూపులోని వేలిముద్రలు నాలుగు అంగుళాల ప్రింటులో కనపడనే కనపడవు, మిషను పొరల గీతలు మాత్రం కనపడతాయి. మామూలు ప్రింటరులో బొమ్మ ఒకే రంగులో వస్తుంది, రంగులు చేత్తో వెయ్యాలి.

నిజంగా మట్టిబొమ్మే కావాలనుకుంటే, ముఖం చెయ్యగలిగిన చేతిపనివాళ్లకి ఈ కంప్యూటర్ బొమ్మని నమూనాగా ఇవ్వండి, అసలు ఫొటోతో పాటు. ఏ మడత లోతు చెయ్యాలో, ఏది వదిలెయ్యాలో అందులో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి వాళ్లకి పని సులువవుతుంది. పాలిమర్ క్లే అయితే ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర, పావు అంగుళం మందానికి పావుగంట లెక్కన కాలుస్తారు. సరిగ్గా కాలిస్తే పగుళ్లు అరుదు. గాలికి ఆరే మట్టి చవకే గానీ, మందంగా ఉన్న తల ఆరేటప్పుడు కుంచించుకుని చెవి పక్కన చీలుతుంది. లోపల రేకు కాగితం ఉండ పెట్టి, దాని మీద మట్టి పల్చగా వేయించండి. కళ్లద్దాలు మట్టితో వద్దు. సన్నటి తీగ వంచి విడిగా చేయించి, చెవుల దగ్గర గుచ్చిస్తే సరిపోతుంది. విరిగినా మళ్లీ చేసుకోవచ్చు.